ఆరు రెట్లయిన ప్లాటుకు ఏడాదికి వడ్డీ ఎంత?

"పదిహేనేళ్ల కిందట ఆరు లక్షలు పెట్టి కొన్న ప్లాటు. మొన్న ముప్పై ఆరు లక్షలకు పోయింది. ఆరు రెట్లు!"

ఏ పెళ్లికెళ్లినా భోజనాల బల్ల దగ్గర ఇలాంటి మాట ఒకటి చెవిన పడుతుంది. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి అంకెలు మారతాయి గానీ చెప్పే తీరు మారదు. విన్నవాళ్లకు వెంటనే బ్యాంకులో వేసిన తమ డిపాజిట్ గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. ఎనిమిది శాతం ఎక్కడ, ఆరు రెట్లు ఎక్కడ అనిపిస్తుంది. కానీ ఒకటి శాతాల్లో, ఇంకొకటి రెట్లలో ఉన్నంతసేపు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేం. శేర్లను గజాలతో పోల్చలేం కదా. ఎన్నేళ్లలో ఆరు రెట్లయింది, అంటే ఏడాదికి నూటికి ఎంత చొప్పున పెరిగినట్టు అని తేల్చుకుంటేనే పోలిక కుదురుతుంది.

అలా తేల్చే లెక్కకే వార్షిక చక్రవృద్ధి రేటు అని పేరు. వాడుకలో అందరూ సీఏజీఆర్ అంటారు. మ్యూచువల్ ఫండ్ల ప్రకటనల్లో ఏడాదికి, మూడేళ్లకు, ఐదేళ్లకు, పథకం మొదలైనప్పటి నుంచి అంటూ కనిపించే శాతాలు ఈ లెక్కతో వచ్చినవే. ఫండ్ల వాళ్లు వాడే ఈ కొలబద్దతోనే ప్లాటును, బంగారాన్ని, షేర్లను కూడా కొలవొచ్చు. కావలసినవి మూడే: పెట్టిన సొమ్ము, చేతికొచ్చిన సొమ్ము, మధ్యలో గడిచిన కాలం.

ముందుగా చాలామంది వేసే లెక్క చూద్దాం. లాభం ముప్పై లక్షలు. పదిహేనేళ్లతో భాగిస్తే ఏడాదికి రెండు లక్షలు. ఆరు లక్షల మీద రెండు లక్షలంటే 33.3 శాతం. మన అప్పుల భాషలో చెప్పాలంటే నూటికి నెలకు రెండు రూపాయల డెబ్బై ఎనిమిది పైసల వడ్డీ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అది నిజమో కాదో తేలాలంటే, ప్లాటు ధర నిజంగానే ఏటా 33.3 శాతం చొప్పున పెరిగితే ఏమయ్యేదో చూడాలి. మొదటి ఏడాది చివర ఆరు లక్షలు ఎనిమిది లక్షలవుతుంది. రెండో ఏడాది పెరుగుదల ఆరు లక్షల మీద కాదు, ఎనిమిది లక్షల మీద లెక్క కట్టాలి కాబట్టి పది లక్షల అరవై ఏడు వేలు దాకా వస్తుంది. మూడో ఏటికి పద్నాలుగు లక్షల పైచిలుకు. ఇలా పోతే ఏడో ఏటికే నలభై ఐదు లక్షలకు దగ్గరవుతుంది. పదిహేనో ఏడు ముగిసేసరికి దాదాపు నాలుగున్నర కోట్లు కావాలి. మన ప్లాటు అమ్ముడుపోయింది ముప్పై ఆరు లక్షలకు. అంటే 33.3 అన్న అంకె తప్పు, అదీ కొద్దిపాటి తప్పు కాదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ లెక్క లాభమంతటినీ మొదటి ఆరు లక్షల మీదే కట్టింది. అది బారువడ్డీ లెక్క. ప్లాటు అలా పెరగదు. నిరుడు పెరిగిన ధర మీద ఈ ఏడు పెరుగుతుంది, అంటే చక్రవడ్డీలా నడుస్తుంది. అందుకే మనకు కావలసింది లాభాన్ని ఏళ్లతో భాగించే శాతం కాదు. ఆరు లక్షలను ఏటేటా ఏ అంకెతో గుణిస్తూ పోతే పదిహేనోసారికి సరిగ్గా ముప్పై ఆరు లక్షలు వస్తుందో, ఆ అంకె కావాలి.

దాన్ని పట్టుకోవడానికి మూడు మెట్లు చాలు. మొదట, వచ్చిన సొమ్మును పెట్టిన సొమ్ముతో భాగించాలి. ముప్పై ఆరును ఆరుతో భాగిస్తే 6. తర్వాత ఈ ఆరుకు పదిహేనో మూలం కట్టాలి, అంటే దానంతట దాన్ని పదిహేనుసార్లు గుణించుకుంటే ఆరు వచ్చే సంఖ్య కావాలి. అది 1.1269. చివరగా అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 0.1269. నూటితో గుణిస్తే 12.69 శాతం. ఆరు రెట్ల ప్లాటు ఏడాదికి ఇచ్చింది ఇంతే.

ఈ 12.69 సరైనదో కాదో వెనక్కి వేసి చూసుకోవచ్చు. ఆరు లక్షలు మొదటి ఏడాది చివర ఆరు లక్షల డెబ్బై ఆరు వేలవుతుంది. రెండో ఏటికి ఏడు లక్షల అరవై రెండు వేలు, మూడో ఏటికి ఎనిమిది లక్షల యాభై తొమ్మిది వేలు. ఇలా గుణిస్తూ పోతే పద్నాలుగో ఏటి చివర దాదాపు ముప్పై రెండు లక్షలు, ఆ తర్వాతి ఏడు ముప్పై ఆరు లక్షలు. మొదటి ఏడాది పెరిగింది డెబ్బై ఆరు వేలైతే, చివరి ఒక్క ఏడాదిలో పెరిగింది నాలుగు లక్షల పైమాటే. శాతం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఎక్కువ కాలం గడిచాక రెట్లు అంత ఘనంగా కనిపించడానికి కారణం ఇదే. ఆ ఘనతలో చాలా భాగం కాలానిది, ప్లాటుది కాదు.

ఇక్కడ మన పెద్దవాళ్లకు బాగా తెలిసిన కొలతతో ఒక పోలిక చూపించాలి. నూటికి నెలకు రూపాయి వడ్డీకి ఆరు లక్షలు ఇచ్చారనుకోండి. నెలకు ఆరు వేలు వస్తుంది. ఆ ఆరు వేలు ఖర్చు పెట్టకుండా అదే వడ్డీకి మళ్లీ తిప్పితే రెండో నెల వడ్డీ ఆరు వేల అరవై. ఇలా నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ నూట ఎనభై నెలలు, అంటే పదిహేనేళ్లు తిప్పితే చేతికొచ్చేది ముప్పై ఐదు లక్షల తొంభై ఏడు వేలు. ఇంచుమించు ప్లాటు అమ్మితే వచ్చినంతే. ఆరు రెట్లని చెప్పుకున్న ప్లాటు చేసిన పనీ, పదిహేనేళ్లపాటు ఎగవేత లేకుండా తిరిగిన రూపాయి వడ్డీ చేసిన పనీ ఒకటేనన్నమాట. డబ్బు వడ్డీకి తిప్పమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పదిహేనేళ్లు ఒక్క ఎగవేత కూడా లేకుండా అప్పులు వసూలు కావడం ఎంత కష్టమో ఇచ్చినవాళ్లకు తెలుసు. ప్లాటు తక్కువదని చెప్పడమూ కాదు. ఏడాదికి 12.69 శాతం మంచి రాబడే. రెట్లు వినగానే మనసులో మెదిలే ముప్పై శాతం, నలభై శాతం మాత్రం కాదు. ఆ ఊహతో ఉన్న పొదుపంతా తీసి, పైగా అప్పు చేసి, ఇంకో ప్లాటు మీద పెట్టేవాళ్లను చూస్తున్నాం కాబట్టే ఈ తేడా చెప్పాల్సి వస్తోంది.

ఆ పదిహేనో మూలం కట్టడమెలా అన్నదే చాలామందికి అడ్డం. ఫోన్లో ఉండే కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే మరిన్ని మీటలు కనిపిస్తాయి. అందులో x మీద చిన్న y ఉన్న మీటే ఘాతాల మీట. కొన్ని ఫోన్లలో దాని మీద ^ గుర్తు ఉంటుంది. ముందు 1ని 15తో భాగించి వచ్చిన 0.066667 రాసిపెట్టుకోవాలి. తర్వాత 6 కొట్టి, ఆ మీట నొక్కి, రాసిపెట్టుకున్న అంకె కొడితే 1.1269 వస్తుంది. కంప్యూటర్లో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ వాడేవాళ్లు ఒక గడిలో ఇలా రాస్తే చాలు:

```
=(3600000/600000)^(1/15)-1
```

ఇందులో రెండో జత బ్రాకెట్లే ప్రాణం. 1/15 చుట్టూ అవి పెట్టడం మరిచిపోతే యంత్రం ముందు ఆరుకు ఒకటో ఘాతం కట్టి, దాన్ని పదిహేనుతో భాగించి, అందులోంచి ఒకటి తీసేస్తుంది. జవాబు మైనస్ 0.6 అని వస్తుంది. లాభానికి అమ్మిన ఆస్తికి మైనస్ జవాబు వస్తే వెతకాల్సింది బ్రాకెట్ల కోసమే.

ఘాతాల మీట లేని దుకాణపు కాలిక్యులేటర్ మీద కూడా దారి ఉంది. వాటిలో చాలావాటికి వర్గమూలం మీట, అదే √, ఉంటుంది. ఒకసారి నొక్కితే రెండో మూలం, రెండుసార్లు నొక్కితే నాలుగోది, మూడుసార్లకు ఎనిమిదోది, నాలుగుసార్లకు పదహారోది. మన ప్లాటు పదిహేనేళ్లకు కాక పదహారేళ్లకు అమ్ముడుపోయిందనుకుందాం. 6 కొట్టి √ నొక్కితే 2.4495 వస్తుంది. మళ్లీ నొక్కితే 1.5651, మళ్లీ 1.2510, నాలుగోసారి 1.1185. అంటే 11.85 శాతం. ఒక్క ఏడాది ఆలస్యానికే రేటు 12.69 నుంచి 11.85కు దిగిపోయింది చూడండి. నాలుగేళ్లకు, ఎనిమిదేళ్లకు, పదహారేళ్లకు ఈ పద్ధతి సూటిగా పనికొస్తుంది. మిగతా ఏళ్లకు ఊహించి, గుణించి, సరిచూసుకోవడమే. 1.12ను పదిహేనుసార్లు గుణిస్తే 5.47 వస్తుంది, అది చాలదు. 1.13 అయితే 6.25 వస్తుంది, అది ఎక్కువ. ఆరు ఈ రెంటికీ నడుమ, కాస్త పై వైపున ఉంది కాబట్టి జవాబు పన్నెండున్నరకు కొంచెం పైన అని తేలిపోతుంది. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఆపాటి జవాబు చాలు.

చేతిలో కాలిక్యులేటర్ కూడా లేనప్పుడు రెట్టింపులు లెక్కపెట్టండి. ఆరు పన్నెండయింది, పన్నెండు ఇరవై నాలుగయింది, ఇరవై నాలుగు నలభై ఎనిమిదయ్యే దారిలో సగం దూరంలో ముప్పై ఆరు దగ్గర ఆగింది. రమారమి రెండున్నర రెట్టింపులు. పదిహేనేళ్లలో రెండున్నరంటే ఒక్కో రెట్టింపుకు ఆరేళ్లు పట్టింది. 72ను ఆ ఆరుతో భాగిస్తే 12. అసలు జవాబుకు ముప్పావు శాతం దూరంలోనే ఉన్నాం. భోజనాల బల్ల దగ్గర ఎవరైనా రెట్లు చెబుతున్నప్పుడు చేయి కడుక్కునే లోపు పూర్తయ్యే లెక్క ఇది.

కాలం దగ్గర జరిగే పొరపాటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ తక్కువ కాలం పెట్టుబడుల్లో జవాబును బాగా తిప్పేస్తుంది. ఒకరు 2019 మార్చిలో పది లక్షలకు కొన్నది 2022 సెప్టెంబరులో పదిహేను లక్షలకు అమ్మారనుకోండి. పందొమ్మిది నుంచి ఇరవై రెండుకు మూడేళ్లని వేస్తే 14.5 శాతం వస్తుంది. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు అని వేళ్ల మీద లెక్కపెట్టి నాలుగేళ్లంటే 10.7 శాతం. నిజానికి గడిచింది మూడున్నరేళ్లు, సరైన జవాబు 12.3 శాతం. లెక్కపెట్టాల్సింది సంవత్సరాల పేర్లను కాదు, కొన్న తేదీకీ అమ్మిన తేదీకీ మధ్య గడిచిన కాలాన్ని. షీట్‌లో పెట్టిన సొమ్ము A2లో, వచ్చిన సొమ్ము B2లో, కొన్న తేదీ C2లో, అమ్మిన తేదీ D2లో ఉంటే ఈ సూత్రం రోజులను కూడా తనే చూసుకుంటుంది:

```
=(B2/A2)^(365/(D2-C2))-1
```

ఏడాది కూడా నిండని పెట్టుబడికి మాత్రం ఈ సూత్రం వాడకండి. మూడు నెలల్లో పది శాతం వచ్చిందని దాన్ని ఏడాదికి సాగదీస్తే 46 శాతం అవుతుంది. మిగతా తొమ్మిది నెలలూ అదే పరుగు ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు. అక్కడ మూడు నెలల్లో పది శాతం అని ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడమే సబబు.

ఇక పెట్టిన సొమ్ము, వచ్చిన సొమ్ము అంటే ఏవన్న ప్రశ్న. ప్లాటు కథలు చెప్పేటప్పుడు అందరూ జారిపోయేది ఇక్కడే. కొన్న ధర ఆరు లక్షలే కావచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు, మధ్యవర్తి కమీషను, కాగితాల పని కలిపి ఇంకో అరవై వేలు అయితే జేబులోంచి పోయింది ఆరు లక్షల అరవై వేలు. అమ్మినప్పుడు రెండు శాతం కమీషను కింద డెబ్బై రెండు వేలు పోతే మిగిలింది ముప్పై ఐదు లక్షల ఇరవై ఎనిమిది వేలు. ఈ అంకెలతో లెక్క మళ్లీ వేస్తే 12.69 కాస్తా 11.8 శాతానికి దిగుతుంది. ఆ తర్వాత పన్ను. ఈ ప్లాటును 2009 ఆగస్టులో కొని 2024 ఆగస్టులో అమ్మారనుకుందాం. 2024 జులై 23 తర్వాత జరిగిన అమ్మకాలకు దీర్ఘకాలిక మూలధన లాభాల మీద 12.5 శాతం పన్ను ఉంది, దాని మీద నాలుగు శాతం సెస్సు. పాత ఆస్తి కాబట్టి ద్రవ్యోల్బణం సవరణతో 20 శాతం పన్ను కట్టే దారి కూడా ఉంది. అయితే ఈ అంకెలకు ఆ దారిలో పన్ను కొద్దిగా ఎక్కువే పడుతుంది. 12.5 శాతం దారిలో కట్టాల్సింది సుమారు మూడు లక్షల డెబ్బై మూడు వేలు. అది పోను మిగిలేది ముప్పై ఒకటిన్నర లక్షల పైచిలుకు. ఇప్పుడు రేటు 11 శాతం.

12.69 ఎక్కడ, 11 ఎక్కడ! ప్లాటు అదే, అమ్మిన ధర అదే. బ్యాంకు డిపాజిట్‌తో పోల్చాల్సింది ఈ చివరి అంకెను. అక్కడ కూడా వడ్డీ మీద కట్టిన పన్ను తీసేశాకే పోల్చాలి. లేకపోతే ఒకవైపు ఖర్చులు కలిపి, ఇంకోవైపు వదిలేసినట్టవుతుంది. ఇంకో సంగతి, డిపాజిట్లకు బ్యాంకులు మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి. కాబట్టి ఎనిమిది శాతం అని రాసి ఉన్న డిపాజిట్ ఏడాదికి నిజంగా పెరిగేది 8.24 శాతం. పోల్చేటప్పుడు ఆ అంకెనే తీసుకోవాలి.

సీఏజీఆర్‌కు ఒక పరిమితి ఉంది. అది మొదటి అంకెనూ చివరి అంకెనూ తప్ప మధ్యలో జరిగినదేదీ చూడదు. మన ప్లాటు ఏటా బుద్ధిగా 12.69 శాతం పెరిగి ఉండదు. ఆరేడేళ్లు కదలకుండా పడి ఉండి, పక్కన రోడ్డు పడ్డాక రెండేళ్లలో ఎగిసి ఉండొచ్చు. లెక్క ఆ ఎత్తుపల్లాలన్నిటినీ చదును చేసి ఒక్క అంకె చేతిలో పెడుతుంది. ప్లాటుకు రోజువారీ ధర ఉండదు కాబట్టి ఈ సంగతి మనకు తెలియదు. షేర్లకు ఉంటుంది కాబట్టి అక్కడ బాగా బయటపడుతుంది.

సెన్సెక్స్ 2008 జనవరి 8న సుమారు 20,870 దగ్గర ముగిసింది. కరోనా భయంతో మార్కెట్ కుప్పకూలిన 2020 మార్చి 23న 25,980 దగ్గర ముగిసింది. పన్నెండేళ్ల పైచిలుకు కాలానికి సీఏజీఆర్ 1.8 శాతం. పొదుపు ఖాతాలో వేసుకున్నా ఇంతకంటే నయం. ఇప్పుడు చివరి తేదీని కదపకుండా మొదటి తేదీని మాత్రం పద్నాలుగు నెలలు ముందుకు జరపండి. 2009 మార్చి 9న సెన్సెక్స్ 8,160 దగ్గర ఉంది. అక్కడి నుంచి అదే 2020 మార్చి 23 దాకా లెక్కేస్తే ఏడాదికి 11 శాతం! మొదటి తేదీని 2008 జనవరి దగ్గరే ఉంచి చివరి తేదీని 2020 డిసెంబరు 31కి జరిపితే, సూచీ 47,750 దాకా ఎక్కింది కాబట్టి, 1.8 కాస్తా 6.6 శాతం అవుతుంది. మూడు జవాబుల్లో ఏదీ అబద్ధం కాదు. ఎవరికి ఏది చెప్పాలనిపిస్తే ఆ తేదీలు ఎంచుకోవచ్చు, అంతే. అందుకే ఎవరైనా శాతం చూపించినప్పుడు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని అడగాలి. అది శిఖరం మీద మొదలైందా, గోతిలో మొదలైందా అని చూడాలి. ఒకే జత తేదీలతో తృప్తి పడకుండా వేర్వేరు ఐదేళ్లకో పదేళ్లకో లెక్కేసి చూస్తే అసలు స్వభావం తెలుస్తుంది. సూచీ అంకెల్లో డివిడెండ్లు కలవవని కూడా గుర్తుంచుకోవాలి. అవి కలిపితే రాబడి ఇంకొంచెం పెరుగుతుంది. అద్దె వచ్చే ఇంటిదీ అదే తీరు. కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే చూస్తే మధ్యలో వచ్చిన అద్దె లెక్కలోకి రాదు, ఇల్లు ఇచ్చినదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఏటేటా వచ్చిన శాతాలను కూడి సగటు కట్టడం కూడా సీఏజీఆర్ కాదు. లక్ష రూపాయలు ఒక ఏడాది 50 శాతం పెరిగి లక్షన్నర అయింది, మరుసటి ఏడాది 50 శాతం పడి డెబ్బై ఐదు వేలయింది. సగటు సున్నా. చేతిలో మాత్రం పాతిక వేలు తక్కువ. సీఏజీఆర్ కడితే ఏడాదికి మైనస్ 13.4 శాతం అని నిజం చెబుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పటడుగు వేసేది వాయిదాల పెట్టుబడి దగ్గర. సీఏజీఆర్ ఒక్కసారి పెట్టి ఒక్కసారి తీసుకున్న సొమ్ముకే పనికొస్తుంది. సిప్, చిట్టీ, రికరింగ్ డిపాజిట్, జీవిత బీమా పాలసీ ఇవన్నీ వాయిదాల వ్యవహారాలు. ప్లాటుకైనా మధ్యలో ఎల్ఆర్ఎస్ రుసుమో ప్రహరీ గోడ ఖర్చో పెట్టి ఉంటే మూడంకెల లెక్క కచ్చితంగా కుదరదు. ఇలా ఎప్పుడు పడితే అప్పుడు పెట్టిన సొమ్ముకు షీట్‌లో XIRR అనే సూత్రం ఉంది. ఒక వరుసలో తేదీలు, ఇంకో వరుసలో సొమ్ములు, పోయినవి మైనస్‌తో, వచ్చినవి ప్లస్‌తో రాసి ఇస్తే అది ఏడాది రేటు చెబుతుంది.

బీమా పాలసీనే ఉదాహరణగా తీసుకుందాం. ఏటా యాభై వేల చొప్పున పదిహేనేళ్లు కట్టారు, పదిహేనో ఏడు ముగిశాక పన్నెండు లక్షలు వచ్చింది. కట్టింది మొత్తం ఏడున్నర లక్షలు కాబట్టి ఏడున్నర పన్నెండయిందని సీఏజీఆర్ వేస్తే 3.2 శాతం వస్తుంది. ఇది పాలసీకి అన్యాయం. మొదటి యాభై వేలు పదిహేనేళ్లు ఉంది గానీ చివరి యాభై వేలు ఉన్నది ఒక్క ఏడాదే కదా. ఏ రూపాయి ఎన్నేళ్లు ఉందో చూసి వేసే సూత్రం ఇది:

```
=RATE(15,-50000,0,1200000,1)
```

ఇందులో 15 వాయిదాల సంఖ్య, మైనస్ యాభై వేలు ఏటా మన చేతిలోంచి పోయేది, పన్నెండు లక్షలు చివర వచ్చేది. ఆఖర్న ఉన్న 1, ప్రీమియం ఏడాది మొదట్లోనే కడుతున్నామని చెబుతుంది. జవాబు 5.7 శాతం. ఏజెంటు "ఏడున్నర కడితే పన్నెండు" అన్నప్పుడు వినిపించే అరవై శాతం లాభమూ నిజం కాదు, తొందరపడి వేసిన 3.2 శాతమూ నిజం కాదు. ఈ 5.7లో పదిహేనేళ్ల బీమా రక్షణ ఖరీదు కూడా కలిసి ఉందని గుర్తుంచుకుని చూడాలి.

కొత్త పాలసీ తీసుకోబోయేవాళ్లు సంతకానికి ముందే ఈ లెక్క వేసుకోవచ్చు. లాభాల్లో వాటా ఉండే పాలసీలకు ఇచ్చే ప్రయోజనాల పట్టికలో 4 శాతం, 8 శాతం అని రెండు వరుసలు కనిపిస్తాయి. అవి సంస్థ పెట్టుబడుల మీద వస్తుందనుకుని వేసిన అంచనాలే గానీ మన చేతికొచ్చే రాబడి శాతాలు కావు, వాగ్దానాలు అంతకంటే కావు. మీ ఏజెంటును ఆ పట్టిక అడిగి తీసుకోండి. 8 శాతం వరుసలో చివర ఎంత వస్తుందని రాశారో ఆ మొత్తాన్ని, మీ ప్రీమియాన్ని, ప్రీమియం కట్టే ఏళ్లనూ పై సూత్రంలో పెట్టండి. కట్టడం ఆగిన తర్వాత కొన్నేళ్లకు గానీ డబ్బు రాని పాలసీ అయితే RATE బదులు XIRR వాడండి. అక్కడ తేలిన శాతాన్ని చూసి, ఆ తర్వాతే సంతకం చేయండి.